విత్తన ఒప్పందాన్ని తెలుగు చేస్తున్నాం: ఇండెమ్నిటీ, ఫోర్స్ మజ్యూర్ దగ్గర జరిగిన పని

సెప్టెంబరు చివర

ఎల్కతుర్తి వైపు హైబ్రిడ్ వరి విత్తనం పండించే రైతుల సంఘం ఒకటి ఈ యాసంగికి ముందే మాకు ఒక పని అప్పజెప్పింది. విత్తన కంపెనీతో వాళ్లు చేసుకునే ఒప్పందం మొత్తం ఇంగ్లీషులో ఉంటుంది. ఏటా కంపెనీకి, రైతులకు మధ్య ఉండే ఆర్గనైజర్ కాగితాలు తెచ్చి, ఎక్కడెక్కడ సంతకం కావాలో అక్కడ పెన్సిల్‌తో టిక్కు కొట్టి ఇస్తాడు, వీళ్లు పెట్టేస్తారు. ఈసారి మాత్రం చదివినంకనే పెడతాం, తెలుగులో కావాలి అని పట్టుబట్టారు. కంపెనీ సరే అంది కానీ ఒక షరతు పెట్టింది: రెండు ప్రతుల మధ్య తేడా వస్తే ఇంగ్లీషు ప్రతే చెల్లుతుంది. ఈ షరతు చివరి పేజీలో ఎక్కడో సన్న అక్షరాల్లో ఉంటే లాభం లేదని, తెలుగు ప్రతిలో దాన్ని మొదటి పేజీలోనే పెద్ద అక్షరాల్లో పెట్టేశాను. తెలుగు చదివి సంతకం పెట్టే మనిషికి అన్నిటికన్నా ముందు తెలియాల్సింది అదే.

నేను హనుమకొండలో సివిల్ కేసులు చూసుకునే వకీలును. పని పంచుకోవడానికి మా ఆఫీసులోనే సీనియర్ అన్న ఒకాయన ఉన్నారు. కరీంనగర్‌లో ప్రాక్టీస్ చేసే స్నేహితురాలు ఒకామె కూడా ఉంది, ఆమెకు ఇంగ్లీషు ప్రతి మాత్రం చూపించట్లేదు, ఎందుకో కింద చెప్తాను.

మూల విత్తనం ఎవరు ఇవ్వాలి, ఆడ వరుసలు మగ వరుసలు ఎట్లా నాటాలి, తేమ ఎంత ఉండాలి, డబ్బు ఎన్ని రోజుల్లో ఇవ్వాలి లాంటి క్లాజులు సాఫీగానే వచ్చాయి. ఇవి రైతులు రోజూ మాట్లాడుకునే సంగతులు, మాటలు వాళ్ల దగ్గరే ఉన్నాయి. పని ఆగింది రెండే చోట్ల: నీకు నష్టం వస్తే నేను భరిస్తానని మాట ఇచ్చే ఇండెమ్నిటీ క్లాజు దగ్గర, ఎవరి వశంలోనూ లేని సంఘటన వల్ల పని చేయలేకపోతే ఏమవుతుందో చెప్పే ఫోర్స్ మజ్యూర్ క్లాజు దగ్గర. ఈ డైరీ ఆ రెండింటి గురించే.

అక్టోబరు, దసరా సెలవులకు ముందు

ఇండెమ్నిటీకి తెలుగులో ఏం రాస్తారని అడిగితే పదిమందిలో తొమ్మిదిమంది నష్టపరిహారం అంటారు. బ్యాంకు కాగితాల్లో అదే, ఇన్సూరెన్స్ కాగితాల్లో అదే. కొందరు హిందీ ఫారాల్లోంచి క్షతిపూర్తి తెచ్చి పెడతారు, ఇంకొందరు నష్టపూర్తి అంటారు. ఏదో ఒకటి ఎంచుకుని ముందుకు పోవచ్చు కదా అనిపిస్తుంది. పోలేం, ఎందుకంటే కాంట్రాక్టు చట్టంలో నష్టపరిహారం అనే మాట అప్పటికే ఇంకో కుర్చీలో కూర్చుని ఉంది.

1872 నాటి భారత కాంట్రాక్టు చట్టంలో 73వ సెక్షన్ ఉంది. ఒకరు ఒప్పందం తప్పితే రెండోవాళ్లకు జరిగిన నష్టానికి డబ్బు ఇవ్వాలని చెప్పేది అదే. మన కోర్టుల్లో నష్టపరిహారం అన్నప్పుడు అందరి మనసులో మెదిలేది ఇదే. దీనికి హద్దులు ఉన్నాయి. ముందు ఒప్పందం తప్పినట్టు రుజువు కావాలి. ఆ తప్పు వల్ల మామూలుగా జరిగే నష్టానికి, లేదా ఒప్పందం చేసుకునేటప్పుడే ఇద్దరికీ తెలిసిన నష్టానికి మాత్రమే డబ్బు వస్తుంది. ఎక్కడో దూరాన, చుట్టు తిరిగి వచ్చిన నష్టానికి రాదని సెక్షనే చెప్తుంది. నష్టపోయినవాడు దాన్ని తగ్గించుకునే దారి ఉండి కూడా ఊరుకున్నాడా అన్నది కూడా చూస్తారు.

ఇండెమ్నిటీ 124వ సెక్షన్‌లో ఉంది, దాని స్వభావమే వేరు. ఇచ్చిన మాట తప్పినందుకు కట్టే డబ్బు కాదు ఇది. నీకు నష్టం వస్తే నేను భరిస్తానన్నదే ఇక్కడ ఇచ్చే మాట. ఆ నష్టం మాట ఇచ్చినవాడి వల్లే రానక్కర లేదు, ఇంకెవరి చేష్ట వల్ల వచ్చినా సరే. 125వ సెక్షన్ ఇంకో అడుగు ముందుకు వేస్తుంది: ఆ విషయం మీద కేసు పడితే, కోర్టు కట్టమన్న సొమ్ము, వివేకంతో నడిపిన కేసుకైన ఖర్చులు, రాజీ పడితే రాజీలో ఇచ్చిన సొమ్ము, అన్నీ మాట ఇచ్చినవాడి దగ్గర రాబట్టుకోవచ్చు. అంతే కాదు, నష్టం సొమ్ము నిజంగా జేబులోంచి పోయేదాకా ఆగనక్కర లేదని, బాధ్యత ఖాయమైతే చాలు ముందే అడగొచ్చని బొంబాయి హైకోర్టు 1942లో గజానన్ మోరేశ్వర్ కేసులో చెప్పింది.

ఇప్పుడు ఈ రెండింటినీ ఒకే తెలుగు మాటతో రాస్తే రైతు ఏం అనుకుంటాడు? నా విత్తనం బాగా లేకపోతే నాకు రావాల్సిన డబ్బులోంచి ఏదో కోసుకుంటారు అనుకుంటాడు. అసలు సంగతి ఎంత దూరం పోతుందో లెక్క వేసి చూశాను. ఒక రైతు 2 ఎకరాల్లో వేశాడు, ఎకరాకు 8 క్వింటాళ్ల విత్తనం వచ్చింది అనుకుందాం. మొత్తం 1,600 కిలోలు. హైబ్రిడ్ వరి ఎకరాకు 6 కిలోలు సరిపోతుంది, అంటే ఈ రెండెకరాల విత్తనం దాదాపు 266 ఎకరాల్లో పడుతుంది. క్వింటాలుకు 10,000 చొప్పున రైతుకు చేతికొచ్చేది 1,60,000. ఆ విత్తనంలో కల్తీ ఉందని, పైరు ఎత్తుపల్లాలుగా వచ్చి దిగుబడి పడిపోయిందని, కొన్న రైతులు వినియోగదారుల కమిషన్‌కు పోయి ఎకరాకు 20,000 చొప్పున గెలుచుకుంటే కంపెనీ మీద పడేది 53 లక్షల పైచిలుకు. ఇండెమ్నిటీ క్లాజును ఉన్నది ఉన్నట్టు చదివితే ఆ 53 లక్షలు, దాని మీద వకీలు ఫీజులు, ఈ రెండెకరాల రైతు భరిస్తానని సంతకం పెట్టినట్టే.

ఇది ఊహ కోసం అల్లిన కథ కాదు. విత్తనం ఫెయిలైతే రైతు వినియోగదారుల ఫోరానికి పోవచ్చని 2012లో సుప్రీంకోర్టు నేషనల్ సీడ్స్ కార్పొరేషన్ వర్సెస్ మధుసూదన్ రెడ్డి కేసులో ఖాయం చేసింది. అలాంటి కేసులు పడుతూనే ఉంటాయి, కాబట్టే కంపెనీలు ఈ క్లాజు రాసుకుంటాయి. వాళ్లు రాసుకోవడంలో తప్పేం లేదు, సంతకం పెట్టేవాడికి ఆ బరువు తెలియాలి, అంతే. నష్టపరిహారం అన్న మాట ఆ బరువును దాచేస్తుంది.

దసరా సెలవుల్లో

కరీంనగర్ స్నేహితురాలి వంతు ఇక్కడే వస్తుంది. నేను రాసిన తెలుగు క్లాజు ఒక్కటే ఆమెకు పంపుతాను, ఆమె దాన్ని తిరిగి ఇంగ్లీషులోకి రాసి పంపుతుంది. ఆమె ఇంగ్లీషు ప్రతి చూడలేదు కాబట్టి నా తెలుగులో ఏముందో అదే తిరిగొస్తుంది, నా మనసులో ఉన్నది రాదు. ఇద్దరు వకీళ్లు ఉంటే చాలు, ఇంతకన్నా గట్టి పరీక్ష నాకు కనిపించలేదు.

నష్టపరిహారం చెల్లించాలి అని పంపితే కాంపెన్సేషన్ అని తిరిగొచ్చింది, అనుకున్నదే. పూచీ పడాలి అని మార్చి పంపితే గ్యారంటీ అని వచ్చింది. ఇది ఇంకా ప్రమాదం. గ్యారంటీ 126వ సెక్షన్ కిందికి పోతుంది, అందులో ముగ్గురు మనుషులు ఉంటారు. అప్పు తీసుకున్నవాడు ఒకడు, ఇచ్చినవాడు ఒకడు, వాడు కట్టకపోతే నేను కడతా అని నిలబడ్డవాడు ఒకడు. పూచీ పడ్డవాడి బాధ్యత అసలు అప్పుదారు ఎగ్గొట్టాకే మొదలవుతుంది. మన ఊళ్లలో జామీను, జమానత్ అన్నా ఇదే బొమ్మ కళ్లముందు ఆడుతుంది. ఇండెమ్నిటీలో ఆ మధ్య మనిషే లేడు. బాధ్యత వహించాలి అని పంపితే లయబుల్ అని వచ్చింది, దేనికి, ఎంతకు, ఎప్పుడు అన్నదేదీ అందులో లేదు.

సీనియర్ అన్న ఇది చూసి, "మాట కోసం డిక్షనరీలు తిప్పుడు బంద్ చెయ్యి, సేల్ డీడ్లు తీయి" అన్నారు. నిజంగానే తీశాను. రిజిస్ట్రేషన్ ఆఫీసు దగ్గర డాక్యుమెంట్ రైటర్లు తరాలుగా రాస్తున్న అమ్మకం దస్తావేజుల్లో ఇలాంటి వాక్యం ఒకటి ఉంటుంది: సదరు ఆస్తి విషయంలో మునుముందు ఎవరి వల్లనైనా తగాదాలు వచ్చి మీకు నష్టము కలిగిన యెడల నా స్వంత ఖర్చులతో పరిష్కరించి, సదరు నష్టమును నా ఇతర స్థిర చరాస్తుల నుండి భర్తీ చేసి ఇవ్వగలవాడను. చదివి చూడండి. మూడో మనిషి వల్ల వచ్చే తగాదా ఉంది, ఖర్చులు ఉన్నాయి, తగాదాను తానే పరిష్కరించే బాధ్యత ఉంది, నష్టం మొత్తం భర్తీ చేయడం ఉంది. ఇండెమ్నిటీలో ఉండాల్సిన ముక్కలన్నీ ఉన్నాయి, పేరు ఒక్కటి లేదు. మనకు ఇండెమ్నిటీ కొత్త కాదు, దానికి నామవాచకం లేదు, క్రియ మాత్రం ఎప్పటినుంచో ఉంది.

అక్కడి నుంచి పని దారి మారిపోయింది. పేరు వెతకడం పక్కన పెట్టి, వాక్యం రాయడం మొదలుపెట్టాను. భర్తీ చేసి ఇవ్వడం అన్న క్రియను దస్తావేజుల నుంచే తీసుకున్నాను, అది భూమి కొన్న ప్రతి ఇంట్లో ఉన్న మాట. ఒక్కటి మాత్రం మార్చాల్సి వచ్చింది. దస్తావేజు తెలుగులో ఇవ్వగలవాడను అంటే ఇస్తానని ఒప్పుకుంటున్నాను అని అర్థం, ఇవ్వాల్సిందే. ఇప్పటి చదువరి దాన్ని నాకు ఇచ్చే శక్తి ఉంది అనో, వీలుంటే ఇస్తాను అనో చదువుతాడు. సంఘంలో చదువుకున్న కుర్రవాళ్లకు చూపిస్తే వాళ్లు అట్లాగే చదివారు. అందుకే గలను, గలవాడను అన్నీ తీసేసి, ఇవ్వాలి అని నేరుగా రాశాను.

అక్టోబరు చివర

ఇంగ్లీషు క్లాజులో ఇండెమ్నిఫై, డిఫెండ్, హోల్డ్ హార్మ్‌లెస్ అని మూడు మాటలు వరసగా ఉన్నాయి. ఇట్లా జంటలు, మూళ్లు రాయడం ఇంగ్లీషు దస్తావేజులకు అలవాటు, చాలా చోట్ల రెండోది మొదటిదానికి వంత పాటే. ఇక్కడ మాత్రం డిఫెండ్ వంత పాట కాదు, దానికి వేరే పని ఉంది: కేసు పడ్డప్పుడు వకీలును పెట్టి కేసు నడిపించే బాధ్యత కూడా రైతుదే. మూడింటినీ కలిపి రక్షించాలి అని రాస్తే ఈ పని మాయమైపోతుంది. కాబట్టి విడదీశాను. ఇప్పటికి నిలబడ్డ పాఠం ఇది:

*రైతు ఇచ్చిన విత్తనం వల్ల గానీ, దానికి సంబంధించి గానీ, బయటివాళ్లు ఎవరైనా కంపెనీ మీద కేసు వేసినా, డబ్బు అడిగినా, అందువల్ల కంపెనీకి కలిగే నష్టం మొత్తాన్ని రైతు భర్తీ చేసి ఇవ్వాలి. కోర్టు కట్టమన్న సొమ్ము, వకీలు ఫీజు, కోర్టు ఖర్చులు, రాజీలో ఇచ్చిన సొమ్ము అందులో కలుస్తాయి. అలాంటి కేసును నడిపించే ఏర్పాటు కూడా రైతే చేయాలి. ఆ భారాన్ని కంపెనీ మీద పడనీయకూడదు.*

ఇది పంపాక కరీంనగర్ నుంచి ఇండెమ్నిటీ అన్న మాటే తిరిగొచ్చింది, పక్కన డ్యూటీ టు డిఫెండ్ అని కూడా. అప్పుడు శీర్షిక ఆలోచించాను. పైన తెలుగు లిపిలో ఇండెమ్నిటీ అనే ఉంచి, కింద నష్టభర్తీ హామీ అని పెట్టాను. ఇంగ్లీషు మాట ఎందుకు ఉంచానంటే, రేపు ఈ కాగితం పట్టుకుని రైతు ఏ వకీలు దగ్గరికి పోయినా ఇండెమ్నిటీ క్లాజు ఉందట సార్ అంటే వెంటనే అర్థమవుతుంది, నేను కట్టిన మాట అంటే అవతలివాళ్లు మొహం చూస్తారు. పని చేసేది వాక్యం, పేరు దాన్ని వెతుక్కోవడానికి.

కంపెనీ తరఫు లాయర్ ఫోన్ చేసి, ఇంత విడమరిచి రాయడం ఎందుకు, రైతులు భయపడతారు, నష్టపరిహారం చెల్లించాలి అంటే సరిపోదా అన్నారు. సరిపోతుంది సార్, మీరు ఇంగ్లీషులో కూడా 73వ సెక్షన్ కింద కాంపెన్సేషన్ అని మార్చుకుంటే, అన్నాను. ఇంగ్లీషులో ఉన్నదానికన్నా తెలుగులో ఒక్క మాట ఎక్కువ ఉంటే చూపించండి, తీసేస్తాను అని కూడా అన్నాను. ఆయన మంచి మనిషే, చదివి, ఎక్కువ ఏమీ లేదని ఒప్పుకున్నారు.

సంఘం అధ్యక్షుడు మాత్రం ఈ పాఠం రెండుసార్లు చదివించుకుని, "గిదంత మేమే కట్టాల్నా? ఇన్నేండ్ల సంది దీని మీదనే సంతకం పెడ్తున్నమా వకీల్ సాబ్?" అని అడిగాడు. అవును అన్నాను. తర్వాత వాళ్లు వాళ్లు కూర్చుని కంపెనీతో మాట్లాడుకున్నారు. ఆ సీజన్‌లో ఆ రైతుకు విత్తనం మీద వచ్చే డబ్బుకు మించి భర్తీ అడగకూడదని, హైబ్రిడ్ విత్తనం కాని మగ వరుసల వడ్లను కావాలని అందులో కలిపినట్టు తేలితే మాత్రం ఈ హద్దు వర్తించదని ఇంగ్లీషు ప్రతిలోనే కొత్త వాక్యం చేరింది. అది నా పని కాదు, బేరం వాళ్లది. నేను చేసింది ఆ కొత్త వాక్యాన్ని తెలుగు చేయడం వరకే.

నవంబరు మొదటి వారం

ఇక ఫోర్స్ మజ్యూర్. మాట ఫ్రెంచిది. ఇంకో ముఖ్యమైన సంగతి, మన కాంట్రాక్టు చట్టంలో ఈ మాటకు నిర్వచనం లేదు. ఒప్పందంలో ఏం రాసుకుంటే అదే. ఒప్పందంలో ఆ క్లాజు ఉంటే 32వ సెక్షన్ కింద, ఫలానాది జరిగితే అనే షరతుతో కూడిన ఒప్పందంగా చూస్తారని, క్లాజు లేకుండా బయటి సంఘటన ఒప్పందం పునాదినే కూల్చేస్తే 56వ సెక్షన్ కిందికి వస్తుందని 2017లో ఎనర్జీ వాచ్‌డాగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అంటే ఇక్కడ తెలుగు పాఠమే రైతుకు నిఘంటువు, అతను ఈ మాట అర్థం ఇంకెక్కడా చూసుకోలేడు.

వాడుకలో ఉన్న మాటలు నాలుగైదు ఉన్నాయి. దైవాధీనం అంటే దేవుడి చేతిలో ఉన్నవే వస్తాయి, సమ్మె రాదు, ప్రభుత్వ నిషేధం రాదు, లాక్‌డౌన్ రాదు. ఫోర్స్ మజ్యూర్ అనేది యాక్ట్ ఆఫ్ గాడ్ కన్నా విశాలమైనదని సుప్రీంకోర్టు 1961లోనే ధన్‌రాజమల్ గోబింద్‌రామ్ కేసులో చెప్పింది కాబట్టి దైవం దగ్గరే ఆగితే సగం క్లాజు పోతుంది. అనివార్య కారణాలు అన్నది దీనికి సరిగ్గా ఎదురు గోడ. అనివార్య కారణాల వల్ల సభ వాయిదా పడింది, అనివార్య కారణాల వల్ల రాలేకపోయాను, అని ఎంత చిన్న ఇబ్బందికైనా వాడేస్తాం. ఆ మాట పెడితే ధర పడిపోయింది కాబట్టి కొనలేం అని కంపెనీ అన్నా, కూలీలు దొరకలేదు కాబట్టి వరుసల్లో కల్తీ మొక్కలు పీకించలేదు అని రైతు అన్నా ఎవరూ కాదనలేనట్టు ఉంటుంది. పని కష్టమైపోవడం వేరు, వీలు కాకుండా పోవడం వేరు. ఎనర్జీ వాచ్‌డాగ్ కేసులో ఇండోనేషియా బొగ్గు ధర పెరిగిందని కరెంటు కంపెనీలు ఈ క్లాజు కిందికి రాబోతే, ఖర్చు పెరిగినంత మాత్రాన కుదరదని కోర్టు తేల్చింది. కాబట్టి తెలుగులో కష్టమైతే అన్న ఛాయ కూడా రాకూడదు, వీలు కాకపోతే అనే రావాలి.

మిగిలింది ప్రకృతి వైపరీత్యం. దీని సంగతి ఆఫీసులో కూర్చుంటే తెలియలేదు, ఊళ్లో తెలిసింది.

నవంబరు, ఊళ్లో చదివి వినిపించినప్పుడు

సంఘం ఆఫీసులో సాయంత్రం కూర్చున్నాం. నా పద్ధతి ఒకటే: అర్థమైందా అని అడగను, అడిగితే అందరూ తలూపుతారు. ఒక సంగతి చెప్పి, ఇప్పుడు ఎవరు ఎవరికి ఏమివ్వాలి అని అడుగుతాను. ప్రకృతి వైపరీత్యం అని శీర్షిక ఉన్న చిత్తుప్రతి చదివి, "మార్చిలో రాళ్లవాన పడి గింజంతా రాలిపోయింది, ఇప్పుడేమైతది?" అని అడిగాను.

"కంపెనీ పైసలియ్యాలె" అన్నారు ఎక్కువమంది.

ఎందుకంటే వాళ్లకు ఆ మాట తెలిసిన చోటు వేరు. రాళ్లవాన పడితే అగ్రికల్చర్ ఆఫీసర్ వచ్చి పంట నష్టం రాసుకుపోతాడు, ప్రభుత్వం ఎకరాకు ఇంత అని ప్రకటిస్తుంది. వైపరీత్యం అంటే పరిహారం అనే ముడి అక్కడే పడిపోయింది. ఒప్పందంలోని క్లాజు చేసేది అది కాదు. పంట ఇవ్వలేకపోయినందుకు రైతు మీద తప్పు పెట్టరు, అంతవరకే. డబ్బు ఎవరూ ఎవరికీ ఇవ్వరు. వెనుక కూర్చున్న పెద్దాయన ఒకరు, "మరి మూలవిత్తనం బాకీ, మందుల బాకీ గూడ మాఫీ అయితదా బిడ్డా?" అని అడిగారు. కాదు, అప్పటికే ఇవ్వాల్సిన డబ్బుకు ఈ క్లాజు వర్తించదని ఇంగ్లీషు ప్రతిలో స్పష్టంగా ఉంది. నేను బాధ్యత నుంచి మినహాయింపు అని రాసిన చోట వాళ్లకు రుణమాఫీ వినిపించింది. మినహాయింపు అన్న మాటను ఆ రాత్రే తీసేశాను.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. ఈ క్లాజు వల్ల డబ్బు రాదు అన్న వాక్యం ఇంగ్లీషులో లేదు, ఇంగ్లీషు చదివే వకీలుకు అది చెప్పనక్కర లేకుండానే తెలుసు. అనువాదంలో నేను కొత్త వాక్యం చేర్చకూడదు, చేర్చకపోతే చదివేవాడు ఖాయంగా ఉల్టా అర్థం చేసుకుంటాడు. దీనికి మేం తీసుకున్న దారి, క్లాజు పాఠాన్ని తాకకుండా దాని కింద గీత గీసి వివరణ అని వేరుగా రాయడం. వివరణలో ఉన్న ప్రతి వాక్యాన్ని కంపెనీ లాయర్‌కు పంపి ఒప్పుదల తీసుకున్నాకే ఉంచుతున్నాం. పాఠం నాది, వివరణ ఇద్దరిదీ. ఇప్పుడు క్లాజు ఇట్లా ఉంది, శీర్షిక ఫోర్స్ మజ్యూర్ – మన వశంలో లేని సంఘటన:

*ఎవరి వశంలోనూ లేని, తగిన జాగ్రత్తలు తీసుకున్నా ఆపలేని సంఘటన వల్ల ఒప్పందంలోని ఒక పని చేయడం వీలు కాకపోతే, ఆ పని చేయనందుకు ఆ పక్షం ఒప్పందం తప్పినట్టు కాదు. వరద, రాళ్లవాన, తుఫాను, అగ్నిప్రమాదం, యుద్ధం, సమ్మె, ప్రభుత్వ నిషేధం, వీటిలాంటివే అయిన ఇతర సంఘటనలు ఇందులోకి వస్తాయి. ఆ సంఘటన ఉన్నంతకాలం ఆ పని ఆగుతుంది. సంఘటన జరిగిన 48 గంటల్లో రెండో పక్షానికి రాతలో తెలపాలి. అప్పటికే ఇవ్వాల్సిన డబ్బుకు ఈ క్లాజు వర్తించదు.*

వివరణ: *ఈ క్లాజు కింద ఎవరూ ఎవరికీ నష్టపరిహారం ఇవ్వరు. ధర తగ్గడం, ఖర్చు పెరగడం, కూలీలు దొరకకపోవడం ఇందులోకి రావు. ప్రభుత్వం నుంచి గానీ, బీమా నుంచి గానీ వచ్చే సొమ్ముకు ఈ క్లాజుతో సంబంధం లేదు.*

రెండు చోట్ల మాత్రం చాలాసేపు ఆగాను. ఒకటి, ఇంగ్లీషులో రీజనబుల్ కంట్రోల్ అని ఉన్నది. సహేతుకమైన నియంత్రణ అని రాస్తే మాటకు మాట సరిపోతుంది, వినేవాడికి ఏమీ చేరదు. అక్కడ కోర్టు అడిగే ప్రశ్న ఏంటంటే, మామూలు తెలివి ఉన్న మనిషి తీసుకునే జాగ్రత్త తీసుకున్నావా, తీసుకున్నా అది ఆగలేదా అని. తగిన జాగ్రత్తలు తీసుకున్నా ఆపలేని అన్నది ఆ ప్రశ్ననే అడుగుతుంది. రాళ్లవాన దగ్గర ఇది అక్కరకు రాదు గానీ వరద దగ్గర వస్తుంది: ఒడ్డు తెగిందని తెలిసీ రెండు రోజులు చూస్తూ ఊరుకుంటే వశంలో లేదు అనడం కుదరదు.

రెండోది జాబితా చివర. సిమిలర్ అనే ఒక్క మాట ఉంది అక్కడ, తేలిగ్గా జారిపోయేది. నా మొదటి చిత్తుప్రతి చూసి సీనియర్ అన్న అడిగిన మొదటి ప్రశ్న, వగైరా అని రాయలేదు కదా అని. మన దస్తావేజుల్లో ఏ జాబితా చివరైనా వగైరా వచ్చి కూర్చుంటుంది. అప్పుడు తలుపు బార్లా తెరిచినట్టే, ఏదైనా అందులోకి వస్తుందని వాదించొచ్చు. కొన్ని ప్రత్యేకమైన సంగతులు చెప్పి చివర సాధారణమైన మాట వేస్తే, ఆ మాటను ముందున్న వాటి జాతికే పరిమితం చేసి చదవాలని కోర్టులు పాటించే సూత్రం ఉంది. వీటిలాంటివే అని రాస్తే ఆ హద్దు వాక్యంలోనే ఉంటుంది, వాదన దాకా పోనక్కర లేదు.

మళ్లీ చదివి వినిపించి, అదే రాళ్లవాన ప్రశ్న అడిగాను. "మేం పంట ఇయ్యకున్నా కేసు వెయ్యరు, కానీ పైసల్ రావు. ఎరువుల బాకీ కట్టాలె" అని ముందు వరసలో ఒకామె చెప్పింది. ఇది ఇంగ్లీషు క్లాజు సారం, ఒక్క అక్షరం ఎక్కువ తక్కువ లేదు. వెంటనే ఆమే ఇంకో మాట అడిగింది: "48 గంటలల్ల రాతల అంటే ఎట్ల? రాత్రి వాన పడితె ఎవలకు రాయాలె?" ఇంగ్లీషులో కంపెనీ రిజిస్టర్డ్ ఆఫీసుకు రిజిస్టర్డ్ పోస్టు అని ఉంది. ఊళ్లో రాళ్లవాన పడ్డాక 48 గంటల్లో అది చేరదు. అనువాదంతో తీరేది కాదు, సంఘం తరఫున ప్రశ్నగా పంపితే, ఆర్గనైజర్ నంబరుకు ఫొటోతో వాట్సాప్ పంపినా చాలని కంపెనీ ఒప్పుకుంది, అది రెండు ప్రతుల్లోనూ చేరింది.

నవంబరు మూడో వారం, ఇప్పటిదాకా

నారు పోసే రోజులు దగ్గర పడ్డాయి, సంతకాలు వచ్చే వారం. చివర ఉండే చదివి వినిపించగా విని ఒప్పుకున్నాము అనే వాక్యాన్ని మొక్కుబడిగా వదలట్లేదు. ఎవరు చదివి వినిపించారో పేరు, సంతకం కూడా అక్కడ ఉండేట్టు చోటు పెట్టాం. వేలిముద్ర వేసేవాళ్లు ఉన్నప్పుడు, నిజంగా చదివి అర్థం చెప్పారా అన్నది కోర్టులో రుజువు చేయాల్సిన సంగతి అవుతుంది.

ఇంకా తేలని ప్రశ్న ఒకటి ఉంది, సుడిదోమ. అది వశంలో లేని సంఘటనా కాదా అని ఊళ్లో ముగ్గురు నలుగురు అడిగారు. ఇంగ్లీషు క్లాజులో తెగుళ్లు, పురుగుల పేరే లేదు. వీటిలాంటివే కింద వస్తుందని రైతు అంటాడు, మందు కొట్టి ఆపగలిగేదే కదా అని కంపెనీ అంటుంది, రెండూ నిలబడే వాదనలే. నేను తెలుగులో ఎటువైపూ మొగ్గే మాట పెట్టలేదు. ప్రశ్నను రాతలో కంపెనీకి పంపాను: ఫీల్డ్ ఆఫీసర్ చెప్పిన మందు చెప్పిన రోజుకు కొట్టినా పంట పోతే అది ఈ క్లాజులోకి వస్తుందా, రాదా. జవాబు ఇంగ్లీషు ప్రతిలో వాక్యంగా వస్తే దాన్ని తెలుగు చేస్తాను. రాకపోతే, ఈ విషయం ఒప్పందంలో లేదు అని వివరణలో రాసేందుకు ఒప్పుదల అడిగాను, దానికి లాయర్ గారు సరే అన్నారు.